అభ్యంతరం లేదంటే సెలవు ఇచ్చినట్టు కాదు

ప్రభుత్వ కార్యాలయాల్లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసినవాళ్లకు ఇది ఏటా ఏప్రిల్‌లో ఎదురయ్యేదే. ఒక కుర్ర ఇంజనీరు ఫోన్‌లో ఆఫర్ లెటర్ తెరిచి పట్టుకుని టేబుల్ దగ్గరికొస్తాడు. బ్రిటన్‌లో ఏడాది ఎంఎస్సీకి సీటొచ్చింది. రెండు వారాల్లో డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుంది. "సార్, ఒక్క ఎన్‌ఓసీ ఇప్పించండి, రెండు లైన్లు చాలు" అంటాడు. సెక్షన్‌లో పెద్దాయన కళ్లజోడు సవరించుకుని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ ఎన్‌ఓసీ బాబూ?"

ఆ ప్రశ్న వెటకారం కాదు. మనం ఎన్‌ఓసీ అనే ఒక్క మాట కింద నాలుగు వేరువేరు కాగితాలు కలిపేస్తుంటాం. మొదటిది పాస్‌పోర్టు కోసం ఇచ్చేది. పాస్‌పోర్టు ఫారాల్లో అనెక్జర్-జి అంటే కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం. అనెక్జర్-హెచ్ అంటే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తున్నానని ఉద్యోగే ముందుగా కార్యాలయానికి తెలియజేసే ఉత్తరం. ఈ రెంటిలో ఏదున్నా పాస్‌పోర్టు వరకే పనికొస్తుంది. రెండోది విదేశీ యూనివర్సిటీలో ఫలానా కోర్సుకు దరఖాస్తు చేసుకోవడానికి, చేరడానికి కార్యాలయానికి అభ్యంతరం లేదని చెప్పే ఉత్తరం. ఈ వ్యాసం దాని గురించే. మూడోది స్టడీ లీవ్ మంజూరు ఉత్తర్వు. నాలుగోది దేశం విడిచి వెళ్లడానికి అనుమతి, దాని వెంట వచ్చే రిలీవింగ్ ఆర్డరు. మొదటి కాగితం జేబులో పెట్టుకుని నాలుగూ చేతికొచ్చాయనుకున్నవాళ్లే ఎక్కువ చిక్కుల్లో పడతారు.

ఒక ఉదాహరణ వెంట నడుద్దాం. కేంద్ర జల సంఘానికి హైదరాబాద్‌లో కృష్ణా గోదావరి బేసిన్ కార్యాలయం ఉంది. భద్రాచలం దగ్గర గోదావరి ఎంత పెరుగుతుందో ముందుగా అంచనా కట్టి జిల్లా యంత్రాంగానికి చెప్పేది ఈ సంస్థే. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఈ అంచనాల పనిలో ఉన్న ఇంజనీరు ఒకరు వరద ముప్పు నిర్వహణలో ఏడాది ఎంఎస్సీ చెయ్యాలనుకున్నారు అనుకుందాం. ప్రొబేషన్ పూర్తయింది. సర్వీసు ఆరేళ్లు నిండింది. కోర్సు సెప్టెంబరు ఆఖర్లో మొదలవుతుంది. ఆమెను ఇంజనీరు గారనే పిలుద్దాం.

ఆమెది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి వర్తించేది 1972 నాటి సెంట్రల్ సివిల్ సర్వీసెస్ లీవ్ రూల్స్. ఆ పుస్తకంలో 50వ నిబంధన నుంచి 63వ నిబంధన దాకా స్టడీ లీవ్ సంగతే. ఎన్‌ఓసీ కోరే ఉత్తరం రాయకముందు ఆ పద్నాలుగు నిబంధనలు చదివితే సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే ఫైలు చూసే అధికారి ఆ పేజీలు తెరిచి పెట్టుకునే మీ ఉత్తరం చదువుతాడు. ఆయన మనసులో మెదిలే ప్రశ్నలన్నీ అక్కడివే.

మొదటి ప్రశ్న సర్వీసుది. ప్రొబేషన్‌తో కలిపి ఐదేళ్ల రెగ్యులర్ సర్వీసు ఉండాలి. చదువు ముగించి వచ్చాక రిటైర్‌మెంటుకు కనీసం మూడేళ్లు మిగిలి ఉండాలి. మన ఇంజనీరు గారికి ఇక్కడ పేచీ లేదు. నాలుగున్నరేళ్ల సర్వీసుతో ఆఫర్ తెచ్చుకున్నవాళ్లకు మాత్రం ఇక్కడే ఆగిపోతుంది. వాళ్లకు మర్యాదగా ఎన్‌ఓసీ ఇచ్చినా స్టడీ లీవ్ రాదు.

రెండో ప్రశ్న, కోర్సుకూ చేస్తున్న పనికీ ఏమిటి సంబంధం అని. దగ్గరి సంబంధం ఉండాలన్నది నిబంధన. నేరుగా సంబంధం లేకపోయినా ఉద్యోగి ఆలోచనా పరిధిని పెంచి, ప్రభుత్వ సేవకుడిగా సామర్థ్యాన్ని పెంచే చదువుకూ ఇవ్వొచ్చని ఇంకో కిటికీ కూడా తెరిచి ఉంచారు. ఇంజనీర్లు ఎంబీఏకి వెళ్లాలనుకున్నప్పుడు ఆ కిటికీ దగ్గర గుమిగూడతారు. అది తెరుచుకుంటుందో లేదో చూసే అధికారిని బట్టి ఉంటుంది. వరద ముప్పు మీద చదువుకు ఆ గొడవ లేదు. ముందు తలుపు నుంచే వెళ్లొచ్చు.

అసలు మెలిక మూడో ప్రశ్నలో ఉంది. మన దేశంలో తగిన సౌకర్యాలున్న సబ్జెక్టులు చదవడానికి విదేశాలకు స్టడీ లీవ్ ఇవ్వకూడదని 50వ నిబంధన చెబుతుంది. జలశాస్త్రానికి రూర్కీ ఐఐటీలో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. "రూర్కీలో ఉండగా బ్రిటన్ ఎందుకు?" అని ఫైలు మీద ఒక్క వాక్యం పడితే, ఆ ఫైలు మూడు నెలలు కింద నుంచి పైకీ పైనుంచి కిందకీ తిరుగుతుంది. ప్రశ్న వాళ్లు వేసేదాకా ఆగకుండా ఉత్తరంలోనే జవాబు చెప్పాలి. అక్కడి చదువు గొప్పదనో ర్యాంకు పెద్దదనో రాస్తే అది జవాబు కాదు. ఆ కోర్సులో ఏ పేపర్లు ఉన్నాయో, వాటిలో ఇక్కడి ఎంటెక్‌లో లేనివేవో, అవి గోదావరి వరద అంచనాలో ఎక్కడ పనికొస్తాయో రెండు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి ఒక పేజీ పట్టిక జతచెయ్యాలి. నా అనుభవంలో ఈ ఒక్క పేజీ ఉన్న ఫైళ్లకూ లేని ఫైళ్లకూ తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది.

నాలుగోది నిబంధనల్లో చిన్న మాటగా ఉంటుంది గాని కార్యాలయంలో అదే పెద్దది: మీరు లేకపోతే పని ఎవరు చేస్తారు? ఉద్యోగి గైర్హాజరు వల్ల కేడర్‌లో ఇబ్బంది రాకూడదన్నది షరతు. మన ఇంజనీరు గారి విషయంలో ఇది నిజంగానే ఇబ్బంది. గోదావరి వరద కాలం జూన్‌లో మొదలై అక్టోబరు దాకా ఉంటుంది. కోర్సు సెప్టెంబరు ఆఖర్లో మొదలవుతుంది. కంట్రోల్ రూమ్‌లో రాత్రి డ్యూటీలు పడే రోజుల్లోనే ఆమె విమానం ఎక్కాలి. పైఅధికారి కోపంగా ఉంటే దానికి కారణం అసూయ అనుకోనక్కర్లేదు. ఆయన ముందు డ్యూటీ చార్టు ఉంటుంది మరి.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని ఆమె ఉత్తరం ఇలా రాసుకోవచ్చు. అసలు ఉత్తరం ఆఫీసు భాషలో ఇంగ్లిష్‌లోనో హిందీలోనో వెళ్తుంది. సారం మాత్రం ఇది:

"విషయం: బ్రిటన్‌లోని ఫలానా యూనివర్సిటీలో వరద ముప్పు నిర్వహణ ఎంఎస్సీకి దరఖాస్తు చేసుకుని, ఎంపికైతే చేరడానికి నిరభ్యంతర పత్రం కోరుతూ.

అయ్యా, నేను ఈ కార్యాలయంలో ఫలానా హోదాలో ఫలానా తేదీ నుంచి పనిచేస్తున్నాను. ప్రొబేషన్ ఫలానా ఉత్తర్వు ద్వారా పూర్తయినట్టు ప్రకటించారు. ఈ నెలాఖరుకు నా రెగ్యులర్ సర్వీసు ఆరు సంవత్సరాలు. పైన చెప్పిన కోర్సు పూర్తికాలపు కోర్సు. వ్యవధి 12 నెలలు. వచ్చే సెప్టెంబరు ఆఖరు వారంలో మొదలవుతుంది. కోర్సు వివరాలు, నా ప్రస్తుత విధులతో దానికున్న సంబంధం, దేశంలో ఉన్న ఇలాంటి కోర్సులతో పోలిక అనుబంధం-1లో ఇచ్చాను. ఫీజు, ప్రయాణం, బస ఖర్చులు నేనే భరిస్తాను. ప్రభుత్వం మీద ఫీజు భారం ఉండదు. ఎంపికైన పక్షంలో నిబంధనల ప్రకారం 12 నెలల స్టడీ లీవ్‌కు, దానికి ముందు వెనుక ప్రయాణానికి కావలసిన ఎర్న్‌డ్ లీవ్‌కు విడిగా దరఖాస్తు చేసుకుంటాను. బాండు రాసివ్వడానికి సిద్ధంగా ఉన్నాను. వరద కాలంలో నా విధులను అప్పగించే ఏర్పాటు గురించి నా సూచన అనుబంధం-2లో ఉంది. నా మీద శాఖాపరమైన విచారణలేవీ పెండింగులో లేవు. దరఖాస్తుకు చివరి తేదీ జనవరి 15. దయచేసి ఆలోపు నిర్ణయం తెలియజేయగలరు."

ఈ ఉత్తరంలో "నా చిన్ననాటి కల" లేదు. "అవకాశం ఇప్పిస్తే జీవితాంతం రుణపడి ఉంటాను" కూడా లేదు. అవి రాసినందుకు ఎవరూ తప్పుపట్టరు గాని నోట్ ఫైలు రాసే అసిస్టెంటుకు వాటితో పనిలేదు. అతనికి కావలసింది తేదీలు, ఉత్తర్వుల నంబర్లు, వ్యవధి, ఖర్చు ఎవరిది, పని ఎవరు చూస్తారు అన్నవి. ఇవి ఉత్తరంలో ఉంటే అవే వాక్యాలు నోట్‌లోకి ఎక్కుతాయి. లేకపోతే "వివరణ కోరవలెను" అని రాసి ఫైలు వెనక్కి పంపుతాడు. అలా ఒకసారి వెనక్కి వచ్చిన ఫైలు మళ్లీ కదలడానికి నెల పడుతుంది.

అనుబంధం-2 గురించి ఒక మాట. "నా పనిని సహోద్యోగులు చూసుకుంటారు" అని రాస్తే చాలదు. ఎవరు, ఏ స్టేషన్ల అంచనా లెక్కలు, ఎప్పటి నుంచి చేతిలోకి తీసుకుంటారో రాయాలి. జూన్, జులై, ఆగస్టు నెలల్లో ఆ వ్యక్తి పక్కన కూర్చుని పని నేర్చుకుంటారనీ, సెప్టెంబరు మొదటివారంలో చార్జి అప్పగిస్తాననీ రాస్తే పైఅధికారికి సంతకం పెట్టడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఆ సహోద్యోగితో ముందే మాట్లాడి ఒప్పించుకోవాలని వేరే చెప్పాలా?

ఇక ఉత్తరం ఎవరికి రాయాలి, ఎవరి సంతకం చెల్లుతుంది? ఇక్కడ తప్పు జరిగితే దిద్దడం కష్టం. లీవ్ దరఖాస్తు ప్రాపర్ చానెల్‌లోనే వెళ్లాలి. అంటే తక్షణ పైఅధికారి ద్వారా, ఆయన సిఫారసుతో, లీవ్ మంజూరు చేసే అధికారం ఉన్నవారి దాకా. ఎన్‌ఓసీకీ అదే దారి పట్టడం మంచిది. డివిజన్ స్థాయిలో మంచి మనసున్న అధికారి తన లెటర్‌హెడ్ మీద "మాకు అభ్యంతరం లేదు" అని రాసిస్తే ఆయనకు నమస్కారం పెట్టి ఆ కాగితం దాచుకోవచ్చు. కాని అది శాఖ మాట కాదు, ఆయన మాట. యూనివర్సిటీ దాన్ని తీసుకుంటుంది, ఎందుకంటే సంతకం చేసినాయనకు ఆ అధికారం ఉందో లేదో వాళ్లకు తెలియదు. తెల్లారితే లీవ్ ఫైలు చూసే ఢిల్లీ కార్యాలయానికి మాత్రం తెలుసు. కాబట్టి ఉత్తరం ఇచ్చేముందు సెక్షన్‌లో అడగాల్సిన ప్రశ్న "ఎన్‌ఓసీ ఎవరిస్తారు?" అని కాదు. "నా హోదాకు స్టడీ లీవ్ మంజూరు చేసే అధికారం ఎవరిది?" అని అడగాలి. ఉత్తరం చివరికి చేరాల్సింది వాళ్ల దగ్గరికే.

కాగితం ఇచ్చినరోజే ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోవాలి. ఈ-ఆఫీసు ఉన్నచోట ఫైలు నంబరు రాసుకోవాలి. "ఫైలు ఎక్కడుందండీ?" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా నంబరు ఫైలు ఫలానా తేదీన పరిపాలన విభాగానికి వెళ్లింది, అక్కడి నుంచి కదిలిందా?" అని అడిగితే వస్తుంది.

జవాబు వచ్చిందనుకుందాం. దాన్ని చదవడం ఒక పని. సాధారణంగా అందులో మూడు నాలుగు వాక్యాలుంటాయి. కోర్సు పేరు, యూనివర్సిటీ పేరు, ఏ సంవత్సరపు ప్రవేశం అన్నవి ఉన్నాయో లేదో ముందు చూడాలి. అవి లేకుండా "విదేశాల్లో ఉన్నత విద్యకు అభ్యంతరం లేదు" అని మాత్రమే ఉంటే వినడానికి బాగుంటుంది, పనికి నిలబడదు. ఆ తర్వాత చివరి వాక్యం చూడాలి. "ఈ పత్రం సెలవు మంజూరుకు హామీ కాదు" అని దాదాపు ఎప్పుడూ ఉంటుంది. చాలామంది ఆ వాక్యం చూసి మొహం మాడ్చుకుంటారు. కాని అది కొత్త షరతేమీ కాదు. సెలవు హక్కుగా కోరదగినది కాదని లీవ్ రూల్స్‌లో 7వ నిబంధన ఎలాగూ చెబుతోంది. ఆ వాక్యం లేకపోయినా సంగతి అంతే.

అందుకే ఎన్‌ఓసీ చేతికొచ్చిన రోజే రెండో దరఖాస్తు, అంటే స్టడీ లీవ్‌ది, సిద్ధం చేసుకోవాలి. మన ఇంజనీరు గారి క్యాలెండరు చూద్దాం. అక్టోబరులో ఎన్‌ఓసీ కోరుతూ ఉత్తరం. జనవరిలో యూనివర్సిటీకి దరఖాస్తు. మార్చిలో షరతులతో ఆఫర్. ఆఫర్ అందిన వారంలోనే స్టడీ లీవ్ దరఖాస్తు. బ్రిటన్ స్టూడెంట్ వీసాకు కోర్సు మొదలవడానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి యూనివర్సిటీ ఇచ్చే క్యాస్ నంబరు కావాలి. ఫీజులో కట్టాల్సిన బాకీ, జీవన ఖర్చులకు చూపాల్సిన సొమ్ము 28 రోజులపాటు బ్యాంకు ఖాతాలో కదలకుండా ఉండాలి. అంటే జులై దాటకుండా లీవ్ ఉత్తర్వు రావాలి. లేదంటే ఆమె ఒక చేత్తో వీసా ఫీజు, ఇంకో చేత్తో విమానం టికెట్టు పట్టుకుని సెలవు లేని మనిషిగా మిగులుతారు.

ఏప్రిల్‌లో వచ్చిన కుర్రాడికి సాయం చెయ్యలేకపోవడానికి కారణం ఈ క్యాలెండరే. అతను డిపాజిట్ కట్టేశాడు, ఆఫర్ వదులుకోలేడు, కార్యాలయం చేతిలో మాత్రం ఐదు నెలలు మిగల్లేదు. 52వ నిబంధన ఈ పరిస్థితిని ముందే ఊహించినట్టుంటుంది. కోర్సు పూర్తి వివరాలు ముందుగా ఇవ్వలేకపోయినా, విదేశానికి వెళ్లాక ఆమోదించిన కోర్సు మార్చుకున్నా, ఆ వివరాలు పంపి ఆమోదం వచ్చేదాకా చదువు మొదలుపెట్టకూడదు, ఖర్చు పెట్టకూడదు. పెడితే ఆ నష్టభయం మీదే. అక్కడికి వెళ్లాక వరద ముప్పు కన్నా డేటా సైన్స్ బాగుందని కోర్సు మార్చుకున్నవాళ్లకు ఈ నిబంధన ఇంటికొచ్చే జీతం ఆగినప్పుడు గుర్తొస్తుంది.

జీతం సంగతి వచ్చింది కాబట్టి బాండు గురించి కూడా చెప్పాలి. విదేశాల్లో స్టడీ లీవ్‌లో ఉన్నప్పుడు వెళ్లేముందు వస్తున్న వేతనం, దానిమీద డీఏ వస్తాయి. ఒకసారికి మామూలుగా 12 నెలలు, మొత్తం సర్వీసులో 24 నెలలు ఇస్తారు. ఈ సెలవును ఎర్న్‌డ్ లీవ్ ఖాతాలోంచి కొయ్యరు. ఇదంతా ఊరికే ఇచ్చేది కాదు. తిరిగొచ్చాక మూడేళ్లు పనిచేస్తానని బాండు రాయాలి. అక్కడే ఉండిపోయినా, వచ్చి మూడేళ్లు నిండకముందే రాజీనామా చేసినా 63వ నిబంధన ప్రకారం సెలవు జీతం, ఇతర ఖర్చులు వడ్డీతో తిరిగి కట్టాలి. నెలకు వేతనం, డీఏ కలిపి లక్ష అనుకుంటే ఏడాదికి పన్నెండు లక్షలు, దానిమీద వడ్డీ. చదువు పూర్తిచెయ్యకుండా వచ్చినా ఇదే చిక్కు. నన్నడిగితే బ్రిటన్‌లో చదివాక అక్కడే పని వెతుక్కోవాలన్న ఆలోచన మనసులో మూల ఎక్కడో ఉన్నవాళ్లు ఈ లెక్క ముందే వేసుకుని, జీతం లేని ఎక్స్‌ట్రార్డినరీ లీవ్ అడగడమో, రాజీనామా చేసి వెళ్లడమో చెయ్యాలి. బాండు రాసి ఎగ్గొట్టినవాళ్ల వల్ల తర్వాత అడిగేవాళ్ల ఫైళ్లు బరువెక్కుతాయి.

కాదన్నారనుకోండి. కాదనడంలో కూడా రకాలున్నాయి. సర్వీసు చాలలేదంటే చేసేదేమీ లేదు, ఆగాలి. దేశంలో సౌకర్యం ఉందంటే అనుబంధం-1ని ఇంకా బలంగా రాసి మళ్లీ పంపొచ్చు. పని ఇబ్బంది అంటే యూనివర్సిటీని వచ్చే ఏడాదికి ప్రవేశం వాయిదా వెయ్యమని అడగొచ్చు. చాలా యూనివర్సిటీలు ఒక ఏడాది వాయిదాకు ఒప్పుకుంటాయి. కారణం చెప్పకుండా తిరస్కరిస్తే రాతపూర్వకంగా కారణం కోరడం తప్పు కాదు. అసలు జవాబే రాకపోతే మౌనాన్ని అంగీకారంగా తీసుకుని విమానం ఎక్కకూడదు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు నిబంధనల పుస్తకం వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫండమెంటల్ రూల్స్, 1933 నాటి లీవ్ రూల్స్ వర్తిస్తాయి. టీచరైతే ఫైలు మండలం నుంచి జిల్లా విద్యాశాఖాధికారి మీదుగా పైకి వెళ్లాలి. అక్కడ ఇంకో భయం కూడా ఉంది. అనుమతి లేకుండా ఏడాది దాటి విధులకు రాకపోతే రాజీనామా చేసినట్టే లెక్క అని ఉమ్మడి రాష్ట్రంలో 2007లోనే నిబంధన మార్చారు. పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి కోర్సులో చేరి, సెలవు పొడిగింపు ఉత్తరాలు మెయిల్ చేస్తూ కూర్చున్నవాళ్లు దీనికి దొరికిపోయారు. సెలవు పొడిగింపు అడగడం వేరు, అది మంజూరు కావడం వేరు.

ప్రైవేటు కంపెనీల్లో కథ చిన్నది. చాలామంది రాజీనామా చేసే వెళ్తారు కాబట్టి వాళ్లకు కావలసింది రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియన్స్ లెటరు. కంపెనీ సబాటికల్ ఇస్తానంటే తిరిగొచ్చాక అదే పోస్టు ఇస్తుందా, ఆ మధ్య సర్వీసు లెక్కలోకి వస్తుందా అన్న రెండూ ఆ ఉత్తరంలోనే రాయించుకోవాలి. ఉద్యోగం చేస్తూ విదేశీ యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సులో చేరేవాళ్లు మాత్రం నియామక పత్రంలో ఇతర వ్యాపకాల గురించి ఏముందో ఒకసారి తిరగేసి చూడాలి.

మన ఇంజనీరు గారికి లీవ్ ఉత్తర్వు జులై రెండోవారంలో వచ్చిందనుకుందాం. ఇంకా రెండు పనులున్నాయి. విదేశానికి వెళ్లడానికి అనుమతి విడిగా ఉందో, లీవ్ ఉత్తర్వులోనే కలిపి ఉందో చూసుకోవాలి. తర్వాత కోర్సు ముగింపు తేదీని ఉత్తర్వులోని తేదీతో పోల్చుకోవాలి. ఏడాది ఎంఎస్సీలో ఆఖరి మూడు నెలలూ డిసర్టేషన్‌కే పోతాయి. దాని గడువు రెండు వారాలు జరగడం మామూలే. ఆ రెండు వారాలకు పొడిగింపు అడిగే ఉత్తరం సెలవు ముగిసేలోపు కార్యాలయానికి చేరాలి. ఆమె బయల్దేరేరోజు సూట్‌కేసులో ఊరగాయ జాడీల పక్కన పెట్టుకోవాల్సిన కాగితాల్లో లీవ్ ఉత్తర్వు, బాండు నకలు, సెక్షన్ అధికారి ఈమెయిల్ చిరునామా ఉండాలి. తిరిగొచ్చాక జాయినింగ్ రిపోర్టుతో పాటు డిగ్రీ సర్టిఫికెట్టు, అక్కడ చేసిన పని మీద నివేదిక ఇవ్వాలి. అప్పటికి గోదావరి మీద మరో వరద కాలం ముగింపుకొస్తూ ఉంటుంది.